కాలిన ఒంటికి తిండి సరిపోతోందా? మంచం కింది క్యాన్ చెప్పే లెక్క

బర్న్స్ వార్డులో కొన్ని మంచాల కింద అయిదు లీటర్ల తెల్ల ప్లాస్టిక్ క్యాన్ కనిపిస్తుంది. మూత మీద పేషెంట్ పేరు, 'ఉదయం 8 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు' అని మార్కర్‌తో రాసి ఉంటుంది. అందులో పోసేది 24 గంటల మూత్రం. చూసిన బంధువులు కిడ్నీ పరీక్ష అనుకుంటారు. నేను డైటీషియన్‌ని. ఆ క్యాన్ తెప్పించేది చాలాసార్లు నేనే. పేషెంట్‌కి పెడుతున్న తిండి సరిపోతోందా, లేక ఒళ్లు తన కండని తానే తింటోందా అనేది అందులోంచి లెక్క తీయాలి. ఆ లెక్క పేరు నైట్రోజన్ బాలెన్స్.

లెక్క చిన్నదే, తిండిలోని ప్రోటీన్ ద్వారా ఇచ్చిన నైట్రోజన్‌లోంచి ఒంట్లోంచి పోయినది తీసేయడం. చిక్కంతా ఎక్కడంటే, ఈ లెక్కలో జరిగే పొరపాట్లు దాదాపు అన్నీ ఒకే వైపుకి లాగుతాయి. పేషెంట్ నిజంగా ఉన్నదానికన్నా బాగున్నట్టు చూపిస్తాయి. కాలిన పేషెంట్ల విషయంలో అయితే మరీను.

గ్లాస్గోలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ అనే ఆయన 1930ల్లో ఎముకలు విరిగిన వాళ్ల మూత్రాన్ని పరీక్షిస్తూ ఒక సంగతి గమనించాడు. విరిగింది కాలి ఎముకే అయినా మూత్రంలో పోతున్న నైట్రోజన్ ఆ ఒక్క కాలి నుంచి వచ్చేంత తక్కువ కాదు. ఒళ్లంతా ఉన్న కండ కరుగుతోందన్నమాట. కాలిన గాయంలో ఇదే సంగతి ఎన్నో రెట్లు జోరుగా జరుగుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు ఒళ్లు చల్లబడి మందకొడిగా ఉంటుంది. ఆ తర్వాత అడ్రినలిన్ జాతి హార్మోన్లూ, కార్టిసాలూ పెరిగి, ఆకలీ నిద్రా లేని ఇంజిన్‌లా తిరగడం మొదలుపెడుతుంది. మెదడు ఒంటి ఉష్ణోగ్రతని 38, 38.5 డిగ్రీల దగ్గర పెట్టుకుంటుంది. ఇన్ఫెక్షన్ లేకపోయినా అంతే. చర్మం లేని చోట నీరు ఆవిరై పోతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కిలో కేలరీల వేడి కావాలి, దాన్ని ఒళ్లే ఇవ్వాలి. పుండుకి గ్లూకోజ్ కావాలి కాబట్టి కండలోని ప్రోటీన్ అమైనో ఆమ్లాలుగా విడిపోయి కాలేయానికి చేరుతుంది. కాలేయం వాటిని గ్లూకోజ్ చేస్తుంది, మిగిలిన నైట్రోజన్ యూరియాగా మారి క్యాన్‌లోకి వస్తుంది.

ఉపవాసం ఉన్న మామూలు మనిషికి కొన్నాళ్లకి ఒళ్లు సర్దుకుని కండని పొదుపు చేసుకుంటుంది. కాలిన మనిషికి ఆ సర్దుబాటు ఉండదు. 'నాలుగు రోజులు కొబ్బరినీళ్లూ జావా తాగితే కోలుకుంటాడులే' అనడం ఇక్కడ నడవదు.

లెక్క చూపించడానికి ఒక కేసు అనుకుందాం. పెళ్లి వంటల దగ్గర గ్యాస్ లీకై మంటలంటుకున్న వంట మాస్టారు. వయసు 34, బరువు 60 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు. ఒంటి చర్మంలో 40 శాతం కాలింది, అందులో ఎక్కువ భాగం లోతుగా. ముక్కులోంచి రైల్స్ ట్యూబు వేశారు. కాలి ఇది పదో రోజు, జ్వరం 38.5.

ముందు శక్తి సంగతి. ఆరోగ్యంగా మంచం మీద పడుకుని ఉంటే ఈయనకి ఎంత కావాలో 1919 నాటి హారిస్-బెనెడిక్ట్ సూత్రం చెబుతుంది. సుమారు 1,500 కిలో కేలరీలు. కాలినవాళ్ల కోసం 1970ల్లో వచ్చిన కురేరీ సూత్రం చాలా సింపుల్. కిలోకి 25 చొప్పున, కాలిన ప్రతి శాతానికి 40 చొప్పున కలపాలి. అలా చూస్తే 1,500కి 1,600 కలిసి 3,100 వస్తుంది. చాలాకాలం ఇదే పట్టుకుని పేషెంట్లకి కూరి కూరి పెట్టారు. తర్వాత శ్వాసలోని ఆక్సిజన్‌నీ కార్బన్ డయాక్సైడ్‌నీ కొలిచి అసలు ఖర్చు చూస్తే, ఈ సూత్రం చాలామందికి ఎక్కువ చెబుతోందని తేలింది. ఎక్కువైతే ఏంటట అనొచ్చు. షుగర్ అదుపు తప్పుతుంది, కాలేయంలో కొవ్వు చేరుతుంది, అదనపు కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి పంపలేక వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు దాన్నుంచి బయటపడటం ఆలస్యమవుతుంది.

శ్వాసని కొలిచే మెషీన్ ఉంటే దానికి మించింది లేదు. అది లేని చోట పెద్దవాళ్లకి యూరప్ మార్గదర్శకాలు టొరంటో సూత్రం వాడమంటాయి. దాని గొప్పతనం ఏమిటంటే అది రోజురోజుకీ మారుతుంది. కాలిన శాతం, నిన్న అందిన కేలరీలు, ఒంటి వేడి, కాలి ఎన్ని రోజులైంది, ఇవన్నీ అందులో ఉంటాయి.

```
-4343 + (10.5 × 40) + (0.23 × 1800) + (0.84 × 1502)
      + (114 × 38.5) - (4.5 × 10) ≈ 2100
```

ఇందులో 40 కాలిన శాతం, 1800 నిన్న అందిన కేలరీలు, 1502 హారిస్-బెనెడిక్ట్ విలువ, 10 కాలిన తర్వాతి రోజు. వచ్చిన 2,100 విశ్రాంతిలో అయ్యే ఖర్చు. డ్రెస్సింగుకీ, ఫిజియోథెరపీకీ, లేచి కూర్చోవడానికీ కొంత కలిపి 2,500 దగ్గర పెట్టుకుంటాం. ఒక డిగ్రీ వేడికి 114 కిలో కేలరీలు పోతున్నాయి, చూడండి. అందుకే బర్న్స్ గదిని 28 నుంచి 30 డిగ్రీల దగ్గర ఉంచమంటారు. ఉక్కగా ఉందని ఏసీ 20కి తగ్గించే అటెండర్లతో మాకు రోజూ గొడవే. ఆ చల్లదనం మనకి హాయి. పేషెంట్ మాత్రం ఒంటిని వెచ్చగా ఉంచుకోడానికి ఇంకా కండ కరిగించుకుంటాడు.

ప్రోటీన్ సంగతికి వస్తే, ఆరోగ్యవంతుడికి కిలోకి 0.83 గ్రాము చాలు. అంటే మన మాస్టారికి మామూలు రోజుల్లో 50 గ్రాములు. కాలిన పెద్దవాళ్లకి కిలోకి 1.5 నుంచి 2 గ్రాములు. 40 శాతం కాబట్టి 2 పెట్టుకుంటే 120 గ్రాములు. పళ్లెంలో చూస్తే ఇది ఆరు గుడ్లు, లీటరు పాలు, నూట యాభై గ్రాముల చికెన్, రెండు గుప్పెళ్ల కందిపప్పు, పైగా కొంచెం అన్నం. నొప్పితో, మందుల మత్తుతో, వాంతి వచ్చేలా ఉన్న మనిషి ఇదంతా నోటితో తినడు. ట్యూబు అందుకే.

నోటితో తినగలిగినవాళ్ల దగ్గర ఇంకో అడ్డు ఉంది, అది మన ఇళ్లలోదే. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడని, మాంసం పెడితే పుండు మానదని పథ్యం పెట్టేస్తారు. ప్రోటీన్ ఉన్నవన్నీ వరసపెట్టి తీసేసి ఇడ్లీ, బ్రెడ్డు, బార్లీ నీళ్లు మిగులుస్తారు. పుండులో చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. నేను ఈ మాట నెమ్మదిగా, ఎక్కువగా పెద్దమ్మలకీ అత్తగార్లకీ చెబుతాను. వంట వాళ్ల చేతిలో ఉంటుంది కదా.

ఇప్పుడు క్యాన్ దగ్గరికి వద్దాం. ప్రోటీన్ బరువులో సుమారు 16 శాతం నైట్రోజన్. అందుకే ప్రోటీన్ గ్రాముల్ని 6.25తో భాగిస్తే నైట్రోజన్ వస్తుంది. పన్నెండో రోజున మాస్టారికి మేం రాసింది 120 గ్రాములు. లోపలికి వెళ్లింది ఎంతో వేరే చూడాలి. ఆ రోజు మత్తిచ్చి డ్రెస్సింగ్ మార్చాలి కాబట్టి రాత్రి 12 నుంచి ఫీడ్ ఆపేశారు. ఓటీ లిస్టులో ఆయన నంబర్ మూడు. వార్డుకి తిరిగొచ్చి ఫీడ్ మొదలయ్యేసరికి మధ్యాహ్నం రెండు. షీట్ మీద 'ఫీడ్ ఇచ్చాం' అని రాసినదాంట్లో ఒకటి సగమే వెళ్లింది, మిగతా సగం కప్పులోనే ఉంది. నిజంగా అందింది 96 గ్రాముల ప్రోటీన్, అంటే 15.4 గ్రాముల నైట్రోజన్. రాసిన 120నే లెక్కలో వేసుంటే మొదటి అడుగులోనే దాదాపు 4 గ్రాముల అబద్ధం.

అటువైపు, క్యాన్‌లో 2,400 మిల్లీలీటర్ల మూత్రం ఉంది. ల్యాబ్ రిపోర్టు డెసిలీటరుకి 1,350 మిల్లీగ్రాములు అంటోంది. 24 డెసిలీటర్లకి 32.4 గ్రాములు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు, నేనూ మొదట్లో పడ్డాను. ఆ 32.4 యూరియానా, యూరియా నైట్రోజనా? పుస్తకాల్లోని సూత్రాలన్నీ యూరియా నైట్రోజన్‌తో రాసినవి. మన దగ్గర చాలా ల్యాబులు ఇచ్చేది యూరియా. యూరియా అణువు భారం 60, అందులో నైట్రోజన్ 28. అంటే యూరియాని 2.14తో భాగించాలి. 32.4ని భాగిస్తే 15.1 గ్రాములు. భాగించకుండా 32.4ని అలాగే సూత్రంలో వేస్తే పేషెంట్ రోజుకి ఇరవై గ్రాములకి పైగా నష్టపోతున్నట్టు కనబడి, కంగారులో ప్రోటీన్ విపరీతంగా పెంచేస్తారు. తప్పులన్నీ మంచివైపే లాగుతాయన్నాను కదా, దానికి ఇదొక మినహాయింపు. రిపోర్టులో పేరు స్పష్టంగా లేకపోతే ల్యాబుకి ఫోన్ చేసి అడగడమే.

సాధారణ పేషెంట్లకి వాడే సూత్రం ఇలా నడుస్తుంది. మూత్రంలో యూరియా నైట్రోజన్‌కి 4 గ్రాములు కలుపుతారు. ఆ నాలుగు, మూత్రంలోనే యూరియా కాని రూపాల్లో పోయేదానికీ, మలంలో, చర్మం మీద పోయేదానికీ కలిపి వేసే అంచనా. మాస్టారికి అదే వాడితే 15.1కి 4 కలిసి 19.1. అందిన 15.4లోంచి తీసేస్తే మైనస్ 3.7. మరీ బాగా లేదుగానీ పన్నెండో రోజుకి ఫర్వాలేదు, ఇంకాస్త పెంచుదాం అని షీట్ మూసేస్తాం.

కానీ ఆ నాలుగు గ్రాముల్లో 'చర్మం' అంటే చర్మం ఉన్న మనిషి చర్మం. మాస్టారికి 40 శాతం చోట అది లేదు. డ్రెస్సింగ్ విప్పినప్పుడు గాజుగుడ్డ పసుపు రంగులో తడిసి బరువుగా వస్తుంది. ఆ కారేది నీళ్లు కాదు, ప్రోటీన్ ఉన్న రసం. దాన్ని క్యాన్‌లో పట్టలేం. ప్రతి గాజునీ ల్యాబుకి పంపలేం కాబట్టి తెరిచి ఉన్న పుండు విస్తీర్ణాన్ని బట్టి అంచనా వేస్తారు. పది శాతం లోపు అయితే కిలోకి రోజుకి 0.02 గ్రాము నైట్రోజన్, 11 నుంచి 30 అయితే 0.05, అది దాటితే 0.12. మాస్టారికి 0.12ని 60తో గుణిస్తే 7.2 గ్రాములు. మూత్రంలో యూరియా కాని నైట్రోజన్ కూడా కాలినవాళ్లలో ఎక్కువ. అందుకే ఆ నాలుగులో దాని వాటాగా ఉండే రెండు గ్రాములు స్థిరంగా కలపకుండా యూరియా నైట్రోజన్‌ని 1.25తో గుణిస్తారు. అలా 18.9. మలానికి 2.

మొత్తం పోయింది 18.9, 2, 7.2 కలిసి 28.1. అందింది 15.4. బాలెన్స్ మైనస్ 12.7.

అదే పేషెంట్, అదే క్యాన్, అదే రోజు. ఒక సూత్రం మైనస్ 3.7 అంటే ఇంకోటి మైనస్ 12.7 అంటోంది. ఒక గ్రాము నైట్రోజన్ అంటే సుమారు 30 గ్రాముల తడి కండ. అంటే రోజుకి 380 గ్రాముల దాకా కండ పోతోందన్నమాట. బరువు చూస్తే తెలియదా అంటే, తెలియదు. ఒంట్లో నీరు చేరి ఉంటుంది, పైగా డ్రెస్సింగ్ బరువు. కాటా మీద మాస్టారు ఆ వారం రెండు కిలోలు పెరిగాడు కూడా. రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్‌కి పరీక్ష చేయిద్దామని కొందరంటారు. అది వాపు వల్ల, రక్తనాళాల నుంచి కారిపోవడం వల్ల తగ్గేది. తిండి పెంచినంత మాత్రాన పెరగదు, ఎక్కించిన అల్బుమిన్ సీసాల వల్ల పెరిగితే అది మన ఘనత కాదు.

ఈ మైనస్ 12.7ని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. ముందు క్యాన్‌లోకి మూత్రం అంతా వచ్చిందా? క్యాథెటర్ బ్యాగుని ఎవరో బాత్రూమ్‌లో ఒంపేసి ఉండొచ్చు. రాత్రి డ్యూటీ మారినప్పుడు ఇది తరచూ జరుగుతుంది. దీన్ని పట్టుకోవడానికి, కండ నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో మూత్రంలోకి వచ్చే క్రియాటినిన్ పరీక్ష కూడా అదే క్యాన్‌లో చేయించాలి. మగవాళ్లకి రోజుకి కిలోకి సుమారు 15 నుంచి 25 మిల్లీగ్రాములు రావాలి. 60 కిలోలకి 900 నుంచి 1,500. మాస్టారికి 1,080 వచ్చింది, సరే. 500 వచ్చి ఉంటే సగం మూత్రం పోయినట్టే, ఆ రిపోర్టు చెత్తబుట్టకి. సగం మూత్రంతో లెక్క వేస్తే బాలెన్స్ ఎంత అందంగా కనబడుతుందో ఊహించండి.

రెండోది కిడ్నీ. కిడ్నీ దెబ్బతింటే యూరియా మూత్రంలోకి రాకుండా రక్తంలోనే ఉండిపోతుంది, క్యాన్‌లో తక్కువ కనబడుతుంది. కండ కరగడం మాత్రం ఆగలేదు. క్యాన్ పెట్టిన రోజు ఉదయం రక్తంలో యూరియా 40 ఉండి, మర్నాడు 83 అయిందనుకోండి. తేడా 43ని 2.14తో భాగిస్తే డెసిలీటరుకి 20 మిల్లీగ్రాముల నైట్రోజన్, లీటరుకి 0.2 గ్రాము. ఒంట్లో నీరు బరువులో 60 శాతం, అంటే 36 లీటర్లు. అక్కడ 7.2 గ్రాములు దాక్కుని ఉన్నాయి. వాటినీ 'పోయిన' ఖాతాలోనే వేయాలి. క్రియాటినిన్ బాగా పెరిగినవాళ్లకీ, డయాలిసిస్ నడుస్తున్నవాళ్లకీ నేను ఈ లెక్క వేయను, వేసినా నమ్మను.

సరే, మైనస్ 12.7 నిజమే అని తేలింది. ఏం చేయాలి? పోయిందంతా తిండితో పూడ్చాలంటే 28.1ని 6.25తో గుణించి 175 గ్రాముల ప్రోటీన్ ఇవ్వాలి, అంటే కిలోకి దాదాపు 3 గ్రాములు. అది చేయకూడదు. హార్మోన్ల పోటు మీద ఉన్న కండ కరగడం తిండితో ఆగదు. అదనంగా ఇచ్చింది యూరియాగా మారి మళ్లీ క్యాన్‌లోకే వస్తుంది, రక్తంలో యూరియా పెరుగుతుంది. పెద్ద బర్న్స్‌లో మొదటి రెండు మూడు వారాలు ప్లస్‌లోకి రావాలని మేం ఆశించం. మైనస్ తగ్గుతూ రావాలి, అంతే.

మాస్టారి విషయంలో మొదట చేసిన పని రాసిన 120 గ్రాములూ అందేలా చూడటం. ఓటీ ఉన్న రోజు ఫీడ్ ఎన్ని గంటలు ఆపాలో మత్తు డాక్టరుతో మాట్లాడుకుని, ఆగిన గంటల ఫీడ్‌ని మిగతా గంటల్లో సర్దడం. ఆ రోజు కేలరీలు కూడా 1,950 మాత్రమే వెళ్లాయి, అదీ ముఖ్యమే. శక్తి చాలకపోతే ఇచ్చిన ప్రోటీన్‌ని ఒళ్లు కట్టెల్లా కాల్చేస్తుంది, క్యాన్‌లో యూరియా పెరుగుతుంది. అందుకే ప్రోటీన్ పెంచాక యూరియా కూడా అంతే పెరిగితే, ఇంకా ప్రోటీన్ పెంచేముందు కేలరీలు చూడాలి. కేలరీలూ సరిగానే ఉంటే పుండులోనో ఊపిరితిత్తుల్లోనో కొత్త ఇన్ఫెక్షన్ ఉందేమో వెతకమని సర్జన్‌కి చెబుతాను. అలాగని పంచదార, గ్లూకోజ్ పోసి కేలరీలు నింపకూడదు. ఒళ్లు నిమిషానికి కిలోకి 5 మిల్లీగ్రాముల గ్లూకోజ్‌ని మించి వాడుకోలేదు. మాస్టారికి అది రోజుకి 432 గ్రాములు. సెలైన్‌లో వెళ్లే డెక్స్‌ట్రోజ్ కూడా ఇందులో కలపాలి, దాన్ని చాలామంది మర్చిపోతారు.

రెండో పని సర్జన్‌ది. నా లెక్కలో తిండితో సమానంగా మార్పు తెచ్చేది అదే. చచ్చిన చర్మం కోసి, గ్రాఫ్ట్ వేసి, పుండు మూయడం. మూడో వారానికి మాస్టారి తెరిచి ఉన్న పుండు 14 శాతానికి దిగింది. గ్రాఫ్ట్ కోసం తొడ మీద చర్మం తీసిన చోటు కూడా మానేదాకా పుండే కాబట్టి దాన్నీ ఆ 14లో కలిపాను. 21వ రోజు క్యాన్ మళ్లీ పెట్టాం. అందిన ప్రోటీన్ 122 గ్రాములు, నైట్రోజన్ 19.5. మూత్రంలో యూరియా నైట్రోజన్ 13, దాన్ని 1.25తో గుణిస్తే 16.3. మలానికి 2. పుండుకి 0.05 చొప్పున 3. మొత్తం 21.3, బాలెన్స్ మైనస్ 1.8. తిండివైపు పెరిగింది నాలుగు గ్రాములైతే, పుండు మూసుకోవడం వల్ల ఆగింది కూడా నాలుగు గ్రాములే. మిగిలినది, జ్వరం తగ్గి ఒళ్లు నెమ్మదించడం వల్ల మూత్రంలో తగ్గింది.

పుండు ఎంత తెరిచి ఉందో ప్రతి వారం కొత్తగా అడిగి రాసుకోవాలి. చేరినప్పుడు రాసిన 40 శాతాన్నే డిశ్చార్జ్ దాకా వాడితే మాస్టారి 21వ రోజు లెక్క మైనస్ 6 అని వస్తుంది, అనవసరంగా ఫీడ్ పెంచేస్తాం. 0.05, 0.12 అన్నవి కూడా మెట్లు. 30 శాతం దగ్గర ఉన్న మనిషికి ఒక్క శాతం అటూ ఇటూ అయితే లెక్క నాలుగు గ్రాములు దూకుతుంది. ఒళ్లు అలా దూకదు. అందుకే ఒక్క క్యాన్ అంకెని పట్టుకుని నిర్ణయం తీసుకోను, వారానికొకటి చొప్పున మూడు క్యాన్‌ల వరస చూస్తాను.

అయిదో వారంలో మాస్టారు ట్యూబు తీసేసి పళ్లెంలో తింటున్నాడు. ఆ వారం ప్లస్ 2 వచ్చింది. క్యాన్ మానేశాం, నడుస్తూ బాత్రూమ్‌కి వెళ్లే మనిషి చేత 24 గంటల మూత్రం పట్టించడం కష్టం, పట్టినా పూర్తిగా ఉండదు. ఒంటి వేగం మాత్రం ఇంకా చాలా నెలలు మామూలు స్థాయికి దిగదు కాబట్టి ఇంటికి వెళ్లాక కూడా కిలోకి ఒకటిన్నర గ్రాము ప్రోటీన్ రాసిచ్చాను. ఓపీకి వచ్చినప్పుడు ఇక చూసేవి వేరు. నీరు దిగిపోయాక కాటా మీద బరువు, చేతి పట్టు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నాడా లేదా.